అడ్మిషన్ మెయిల్ వచ్చిందా? డబ్బు కట్టే ముందు ఈ నాలుగు చోట్ల ఆగి చదవండి

విదేశీ విద్యకు సిద్ధమవుతున్న విద్యార్థులు, తల్లిదండ్రుల కోసం
పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతం – శ్రీకాకుళం జిల్లా

పలాసలో విదేశీ విద్య పథకాలపై అవగాహన సమావేశం పెట్టినప్పుడు వజ్రపుకొత్తూరు మండలం నుంచి ఒక తండ్రి, కూతురు వచ్చారు. అమ్మాయి ఇంజినీరింగ్ చివరి సెమిస్టర్ పరీక్షలు రాసింది. అమెరికాలో ఎం.ఎస్. కోసం దరఖాస్తు చేసింది. తండ్రి చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మెయిల్ ప్రింటు, దాని కిందే జీడితోట కాగితాలు ఉన్నాయి.

"బాబూ, సీటు వచ్చేసిందండి. నలభై ఒక్క వేల డాలర్లు కట్టమన్నారు. తోట బ్యాంకులో పెట్టేస్తే సరిపోద్దా, ఇంకేదైనా చూసుకోవాలా?" అని అడిగారాయన.

సమావేశం అయ్యాక ముగ్గురం కూర్చుని ఆ రెండు పేజీల మెయిల్‌ను మొదటి నుంచి చివరి దాకా చదివాం. అరగంట పట్టింది. చదివాక తెలిసిందేమిటంటే, సీటు ఇంకా ఖాయం కాలేదు. నలభై ఒక్క వేల డాలర్లు కట్టమని ఎవరూ అడగలేదు. కట్టాల్సిన చిన్న మొత్తానికి గడువు మాత్రం వాళ్లు అనుకున్న దానికంటే నెల ముందే ఉంది.

మెయిల్‌లో తప్పేమీ లేదు. విశ్వవిద్యాలయం అసలైనదే. మొదటి వరుసలో "కంగ్రాచ్యులేషన్స్" అని చూడగానే మిగతాది ఇంట్లో ఎవరూ నిదానంగా చదవలేదు, అంతే. పిల్ల చదివింది కదా అని తండ్రి, కన్సల్టెన్సీ వాళ్లు చూసుకుంటారు కదా అని పిల్ల ఊరుకున్నారు. ఆ రోజు మేం ఆగిన చోట్లనే ఇక్కడ వరుసగా రాస్తున్నాం. ఆ కుటుంబం వివరాలు, విశ్వవిద్యాలయం పేరు ఇవ్వడం లేదు. అంకెలు కూడా లెక్క అర్థం కావడానికి ఇచ్చినవే.

1. సీటు ఇచ్చారా, షరతు మీద ఇచ్చారా?

విశ్వవిద్యాలయం నుంచి వచ్చే మెయిల్స్ అన్నీ ఒకటి కావు. దరఖాస్తు అందింది అని చెప్పేది ఒకటి. షరతులతో సీటు ఇస్తున్నాం అని చెప్పేది ఇంకొకటి, దీన్నే కండిషనల్ ఆఫర్ అంటారు. షరతులన్నీ తీరాయి, సీటు మీదే అని చెప్పేది అన్‌కండిషనల్ ఆఫర్. అమెరికా విషయంలో వీటి తర్వాత I-20 అనే పత్రం వస్తుంది. వీసాకు పనికొచ్చేది ఆ I-20 మాత్రమే. "కంగ్రాచ్యులేషన్స్" అనే మాట వీటిలో ఏ మెయిల్‌లోనైనా ఉండొచ్చు.

కండిషనల్ అనే మాట మెయిల్‌లో నేరుగా ఉండకపోవచ్చు. అందుకని దాని చుట్టాలను వెతకాలి. "సబ్జెక్ట్ టు", "అపాన్ రిసీట్ ఆఫ్", "ప్రొవైడెడ్ దట్", "పెండింగ్", "కంటింజెంట్ ఆన్" – వీటిలో ఏది కనిపించినా దాని వెనకే ఒక షరతు ఉంటుంది. పెన్సిల్‌తో ఆ మాట కింద గీత గీయండి, పక్కన 1, 2, 3 అని నెంబరు వేయండి.

మా ముందున్న మెయిల్‌లో అలాంటివి మూడు దొరికాయి. మొదటిది, డిగ్రీ పూర్తయిన తుది అఫీషియల్ ట్రాన్‌స్క్రిప్టులు అందాలి. రెండోది, ఇంగ్లిష్ పరీక్ష స్కోరు పరీక్ష పెట్టిన సంస్థ నుంచే నేరుగా రావాలి. మూడోది, ఖర్చులకు సరిపడా డబ్బు ఉన్నట్టు ఆధారం చూపాలి.

ఇక్కడ "అఫీషియల్" అనే మాట దగ్గర మన పిల్లలు ఎక్కువగా పొరపాటు పడతారు. మార్కుల మెమోలు స్కాన్ చేసి పంపేశాం, అయిపోయింది అనుకుంటారు. దరఖాస్తు సమయంలో స్కాన్ కాపీ సరిపోవచ్చు. తుది దశలో అఫీషియల్ అంటే సాధారణంగా మీ చేతుల మీదుగా కాకుండా డిగ్రీ ఇచ్చే విశ్వవిద్యాలయం నుంచి సీల్డ్ కవర్‌లోనో, ఎలక్ట్రానిక్‌గానో నేరుగా వెళ్లే పత్రం. టెక్కలి, పలాస వైపు కాలేజీలో చదివినా, డిగ్రీ మీద ఎవరి ముద్ర ఉంటుందో ట్రాన్‌స్క్రిప్టు వాళ్ల దగ్గరే తీసుకోవాలి. ఫలితాలు రావాలి, దరఖాస్తు పెట్టాలి, అది అక్కడికి చేరాలి. దీనికి రోజులు కాదు, వారాలు పడతాయని లెక్క వేసుకోండి. ఆ అమ్మాయి ట్రాన్‌స్క్రిప్టుకు ఇంకా దరఖాస్తే పెట్టలేదు.

ప్రభుత్వ సాయం కోరేవారికి ఈ తేడా ఇంకా ముఖ్యం. కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ నడిపే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఎస్సీ విద్యార్థులకు, సంచార జాతుల వారికి, భూమి లేని వ్యవసాయ కూలీల, సంప్రదాయ చేతివృత్తుల వారి పిల్లలకు వర్తిస్తుంది. దానికి అడిగేది అన్‌కండిషనల్ ఆఫరే. కండిషనల్ లేఖ జత చేసి పంపితే అర్హత ఉన్నా దరఖాస్తు నిలవదు. అందుకని పథకం ఫారం నింపే ముందు చేతిలో ఉన్నది ఏ రకం లేఖో తేల్చుకోండి. షరతులు తీరాక కొత్త లేఖ ఇమ్మని విశ్వవిద్యాలయాన్ని అడగడం తప్పేం కాదు. అడిగితేనే ఇచ్చేవాళ్లూ ఉన్నారు.

2. చూపమన్నారా, కట్టమన్నారా?

ఆ తండ్రిని నిద్రపోనివ్వనిది నలభై ఒక్క వేల అంకె. మెయిల్‌లో ఆ అంకె ఉన్న వాక్యాన్ని అమ్మాయి చేతే గట్టిగా చదివించి, తెలుగులో చెప్పమన్నాం. "మొదటి తొమ్మిది నెలలకు అంచనా ఖర్చు ఇంత, ఈ మొత్తం అందుబాటులో ఉన్నట్టు ఆధారం పంపండి" అని ఉంది. పంపమన్నది ఆధారాన్ని, డబ్బును కాదు.

లెక్క ఇలా ఉంది. ట్యూషన్ ఫీజు 24,000 డాలర్లు. ఇల్లు, తిండి 14,000. ఆరోగ్య బీమా, పుస్తకాలు కలిపి 3,000. మొత్తం 41,000. లెక్క సులువు కోసం డాలరుకు 90 రూపాయలు వేసుకుంటే 36 లక్షల 90 వేలు అవుతుంది. ఇందులో విశ్వవిద్యాలయానికి వెళ్లేది ట్యూషన్, బీమా లాంటివే, అదీ సెమిస్టర్ల వారీగా. ఇల్లు, తిండి డబ్బు అక్కడికి వెళ్లాక పిల్ల ఖర్చు పెట్టుకునేది. ఈ ఆధారం తల్లిదండ్రుల బ్యాంకు నిల్వ కావచ్చు, బ్యాంకు ఇచ్చే విద్యారుణం మంజూరు లేఖ కావచ్చు, రెండూ కలిపి కావచ్చు. ఏవి ఒప్పుకుంటారో మెయిల్‌లోనో, దానికి జతచేసిన ఫారంలోనో రాసి ఉంటుంది. పొలం విలువ కాగితం, బంగారం విలువ కాగితం చాలాచోట్ల నగదు ఆధారంగా తీసుకోరు. వాళ్లు చూసేది వెంటనే వాడగలిగే డబ్బు.

"మరైతే ఇప్పుడు కట్టాల్సింది ఏదీ లేదా బాబూ?" అని అడిగారాయన. ఉంది. రెండో పేజీలో 500 డాలర్ల ఎన్‌రోల్‌మెంట్ డిపాజిట్. దాని పక్కనే "నాన్ రిఫండబుల్" అని ఉంది, అంటే తిరిగి రాదు. అయితే దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. వీసా తిరస్కరించినట్టు లేఖ పంపితే డిపాజిట్ వెనక్కిస్తామని. ఇలాంటి వాక్యం అన్ని మెయిల్స్‌లో ఉండదు. ఉందో లేదో చూశాకే డబ్బు కట్టాలి. ఉంటే ఆ పేజీని ప్రింటు తీసి దాచుకోవాలి.

ఈ చోటే ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. "మీ ఖాతాలో డబ్బు లేకపోతే మేం కొన్ని రోజులు చూపిస్తాం, కమీషన్ ఇవ్వండి" అనేవాళ్లు వస్తారు. వాళ్లు ఇచ్చే బ్యాంకు లేఖ నకిలీదైతే అది వెళ్లేది మీ పేరు మీద, మీ సంతకంతో. వీసా కోసం తప్పుడు పత్రం చూపినట్టు తేలితే ఆ ఒక్క దరఖాస్తు పోవడంతో ఆగదు. అమెరికా చట్టం ప్రకారం ఆ వ్యక్తి శాశ్వతంగా అనర్హుల జాబితాలో పడవచ్చు. కమీషన్ తీసుకున్న మనిషికి మాత్రం ఏమీ కాదు.

3. ఏ తేదీ, ఎవరి గడియారం?

డిపాజిట్ గడువు మెయిల్‌లో ఇలా ఉంది:

```
Deposit must be received by 06/07/2026, 11:59 PM ET
```

అమ్మాయి దీన్ని జూలై 6 అని చదివింది. మన దగ్గర బడిలో, బ్యాంకులో, రేషన్ కార్డులో ముందు రోజు, తర్వాత నెల రాస్తాం కాబట్టి అలా చదవడం సహజం. అమెరికాలో ముందు నెల రాస్తారు. అది జూన్ 7. అంకెల్లో రాసిన తేదీ కనిపించగానే దాని పక్కన నెల పేరు అక్షరాల్లో రాసుకోవాలి. 06/25 లాంటి తేదీ అయితే 25వ నెల ఉండదు కాబట్టి వెంటనే తెలిసిపోతుంది. రెండు అంకెలూ 12 లోపు ఉన్నప్పుడే పొరపాటు జరుగుతుంది. బ్రిటన్, ఆస్ట్రేలియా మెయిల్స్‌లో మళ్లీ మనలాగే ముందు రోజు వస్తుంది. అందుకే మెయిల్ ఏ దేశం నుంచి వచ్చిందో చూసుకుని తేదీ చదవాలి.

ఇక ET అంటే ఈస్టర్న్ టైమ్, న్యూయార్క్ వైపు గడియారం. వేసవిలో ఆ గడియారం మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ జూన్ 7 రాత్రి 11:59 అంటే మన దగ్గర జూన్ 8 ఉదయం 9:29. చలికాలంలో తేడా పదిన్నర గంటలు అవుతుంది. CT, PT అని ఉంటే ఇంకా వెనక.

అయితే ఈ ఉదయం 9:29ని నమ్ముకుని కూర్చోకూడదు. వాక్యంలో "రిసీవ్డ్ బై" అని ఉంది. అంటే ఆ సమయానికి డబ్బు వాళ్లకు అందాలి. మనం పంపిన సమయం లెక్కలోకి రాదు. క్యాలెండర్ చూస్తే 2026 జూన్ 7 ఆదివారం. బ్యాంకు ద్వారా విదేశానికి పంపాలంటే పాన్ కార్డు, A2 అనే ఫారం, ఫీజు అడిగిన లేఖ ఇవ్వాలి. అన్ని బ్రాంచీల్లో ఈ పని చేయరు, పెద్ద బ్రాంచికి పంపుతారు. డబ్బు అవతలి ఖాతాలో పడటానికి కొన్ని పనిదినాలు పడుతుంది. ఇవన్నీ వెనక్కి లెక్క వేస్తే బ్యాంకుకు వెళ్లాల్సింది మే నెలాఖరు లోపే. జూలై 6 అనుకుని ఉంటే జూన్ నెలాఖరులో తోట కాగితాలు పట్టుకుని బ్యాంకుకు వెళ్లేవారు. అప్పటికి సీటు పోయి మూడు వారాలు అయి ఉండేది.

4. ఎవరు పంపారు? ఏం ఇస్తామంటున్నారు?

పంపినవారి పేరు కాదు, పూర్తి మెయిల్ చిరునామా చూడాలి. ఫోనులో పేరు మీద నొక్కితే చిరునామా కనిపిస్తుంది. @ గుర్తు తర్వాత చివర .edu అని ఉండాలి. ఆ ముగింపు అమెరికాలో గుర్తింపు ఉన్న ఉన్నత విద్యాసంస్థలకే ఇస్తారు. పేరు మధ్యలో edu అని ఉండి చివర .com ఉంటే అది వేరే సంగతి. తర్వాత studyinthestates.dhs.gov అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో స్కూల్ సెర్చ్ ఉంటుంది. విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతి ఉన్న సంస్థల పేర్లు అందులో దొరుకుతాయి.

ఈ రెండూ చూశాం, ఇక భయం లేదు అనుకోవడానికి లేదు. ఎందుకో చెప్పడానికి మన తెలుగు పిల్లలే దెబ్బతిన్న రెండు సంగతులు చూద్దాం.

కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రైవ్యాలీ యూనివర్సిటీ అని ఉండేది. దానికి విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతి ఉంది, I-20లు ఇచ్చేది. 2011 జనవరిలో అమెరికా అధికారులు దానిపై దాడి చేశారు. చేరిన వెయ్యిమందికి పైగా విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, వారిలో ఆంధ్రప్రదేశ్ పిల్లలు చాలామంది. వాళ్లు ఎక్కడెక్కడో పనులు చేసుకుంటుంటే, రికార్డుల్లో మాత్రం సగానికి పైగా ఒకే అపార్ట్‌మెంట్ చిరునామాలో ఉంటున్నట్టు రాసిపెట్టారు. కొందరు విద్యార్థుల కాళ్లకు రేడియో పట్టీలు తగిలించారు. సంస్థ నడిపిన ఆమెకు 2014లో 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది. పిల్లల చదువు మాత్రం వెనక్కి రాలేదు.

రెండోది మిషిగన్ రాష్ట్రంలోని యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్‌టన్. దీనికి వెబ్‌సైట్ ఉంది, చివర .edu కూడా ఉంది, ప్రభుత్వ జాబితాలో పేరూ ఉంది. కానీ దాన్ని నడిపింది అమెరికా ఇమిగ్రేషన్ అధికారులే. చదవకుండా వీసా నిలుపుకోవాలనుకునేవారిని, వారిని చేర్పించే దళారులను పట్టుకోవడానికి రహస్యంగా పెట్టారు. అందులో తరగతులు లేవు, పాఠం చెప్పేవారు లేరు. 2019 జనవరిలో విషయం బయటపడింది. ఎనిమిదిమంది దళారులపై కేసులు పెట్టారు. మొదట అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులే, తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. అప్పటికే అమెరికాలో వేరే చోట చదువుతూ ఇక్కడికి మారినవారే అందులో ఎక్కువ.

పైన చెప్పిన రెండు తనిఖీలూ ఫార్మింగ్‌టన్ విషయంలో పాస్ అయ్యేవి. మరి ఏది చూస్తే తెలిసేది? ఏం చదువుతారో, ఎప్పుడు చదువుతారో అడిగితే తెలిసేది. అసలైన విశ్వవిద్యాలయం మెయిల్‌లో గానీ, అది చూపే పేజీల్లో గానీ కోర్సుల పేర్లు, క్రెడిట్లు, తరగతులు మొదలయ్యే తేదీ, శాఖలో పాఠం చెప్పేవారి పేర్లు ఉంటాయి. అవి లేకుండా "మొదటి రోజు నుంచే బయట పూర్తి ఉద్యోగం", "క్లాసులకు రానక్కర్లేదు" అనే మాటలు ముందుకొస్తే అక్కడ ఆగిపోవాలి. F-1 విద్యార్థి వీసా మీద వెళ్లినవారు తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పనిచేయవచ్చు. బయట పనికి మామూలుగా ఒక పూర్తి విద్యా సంవత్సరం గడవాలి. కోర్సులో భాగంగా మొదటే శిక్షణ తప్పనిసరి చేసే పీజీ కోర్సులు కొన్ని ఉన్నా, అక్కడ కూడా తరగతులు ఉంటాయి.

గల్ఫ్‌కు వెల్డర్‌గానో, రిగ్గర్‌గానో వెళ్లేటప్పుడు మన ఉద్దానం ఊళ్లలో అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: "కంపెనీ ఏది, పని ఏది?" చదువుకు వెళ్లేటప్పుడు కూడా అదే ప్రశ్న అడగాలి: "తరగతి ఏది, పాఠం చెప్పేదెవరు?"

I-20 వచ్చాక: వీసా సూచనల వరుస ఎందుకు మారకూడదు

షరతులు తీరాక I-20 మెయిల్‌లో పీడీఎఫ్‌గా వస్తుంది. ముందు పేరు చూడండి. మన పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, కొందరికి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగానే ఉంటుంది. I-20కి కొలబద్ద పాస్‌పోర్టు. అందులో సర్‌నేమ్ గడిలో ఏముందో I-20లో సర్‌నేమ్ దగ్గర అదే ఉండాలి, ఒక్క అక్షరం తేడా లేకుండా. తేడా ఉంటే ముందుకు వెళ్లకండి, సవరించిన I-20 ఇమ్మని రాయండి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఖాళీగా ఉన్నవారు అసలు దరఖాస్తులు మొదలుపెట్టకముందే పాస్‌పోర్టు సరిచేయించుకుంటే తర్వాత తిప్పలు తగ్గుతాయి.

తర్వాత పైభాగంలో N అక్షరంతో మొదలై పది అంకెలు ఉన్న సెవిస్ నెంబరు ఉంటుంది. రెండు విశ్వవిద్యాలయాల నుంచి I-20లు వస్తే రెండు వేర్వేరు నెంబర్లు ఉంటాయి. ఎక్కడ చేరతారో ఆ నెంబరే వీసా పనులన్నింటిలో వాడాలి.

వీసా సూచనల కాగితంలో మెట్లు వరుసగా ఉంటాయి. ఒక మెట్టు నుంచి వచ్చే నెంబరు తర్వాతి మెట్టులో అడుగుతారు కాబట్టి ఆ వరుస తప్పదు:

1. I-20 మీద సంతకం చేయాలి. సెవిస్ నెంబరు, స్కూల్ కోడ్ ఇక్కడి నుంచే వస్తాయి.
2. ఆ రెండింటితో fmjfee.comలో సెవిస్ ఫీజు కట్టాలి. F-1 విద్యార్థికి ఇది 350 డాలర్లు. రసీదు దాచుకోవాలి.
3. ceac.state.govలో DS-160 దరఖాస్తు నింపాలి. ఇందులో సెవిస్ నెంబరు అడుగుతారు. చివర కన్ఫర్మేషన్ పేజీ వస్తుంది.
4. ఆ కన్ఫర్మేషన్ నెంబరుతో usvisascheduling.comలో వీసా ఫీజు కట్టి, వేలిముద్రలకు, ఇంటర్వ్యూకు తేదీలు తీసుకోవాలి. వీసా దరఖాస్తు ఫీజు 2023 జూన్ నుంచి 185 డాలర్లు. మీరు కట్టే రోజు అదే వెబ్‌సైట్‌లో మరోసారి చూసుకోండి.

గమనించండి, వీటిలో రెండు వెబ్‌సైట్లు .com అనే ముగిశాయి, అయినా అధికారికమైనవే. కాబట్టి చివరి అక్షరాలు చూసి మాత్రమే నమ్మకూడదు, అనుమానించకూడదు. గూగుల్‌లో వెతికితే మొదట వచ్చేది ప్రకటన కావచ్చు. చిరునామాను I-20తో వచ్చిన సూచనల నుంచి అక్షరం అక్షరం చూసి మీరే టైపు చేయండి.

DS-160 మీ బదులు వేరేవాళ్లు నింపినా, చివర ఉండేది మీ ఎలక్ట్రానిక్ సంతకం. ఇంకెవరైనా సాయం చేశారా అనే ప్రశ్న అందులోనే ఉంటుంది. కన్సల్టెన్సీ వాళ్లు నింపితే సమర్పించే ముందు ప్రతి పేజీ మీరు చదవాలి. తండ్రి వృత్తి దగ్గర రైతు అని కాకుండా వ్యాపారి అని రాస్తే బాగుంటుందని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. ఇంటర్వ్యూలో అదే ప్రశ్న అడిగితే జవాబు చెప్పాల్సింది మీరే. జీడితోట ఉన్న రైతు అని చెప్పడంలో తక్కువేం లేదు, బ్యాంకు కాగితాలతో అది సరిపోతుంది కూడా.

చివరగా, I-20లో ప్రోగ్రామ్ మొదలయ్యే తేదీ చూడండి. దానికి 30 రోజుల కంటే ముందు విద్యార్థి వీసా మీద అమెరికాలో అడుగుపెట్టనివ్వరు. ఆగస్టు 24న మొదలైతే జూలై 25 కంటే ముందు టికెట్టు కొనకూడదు. టికెట్టు చవకగా ఉందని జూలై మొదట్లోది కొని, మార్చుకోవడానికి మళ్లీ డబ్బు కట్టినవాళ్లు ఉన్నారు.

అర్థం కాకపోతే ఎవరిని అడగాలి?

ఆ రోజు మేం గీతలు గీసిన వాక్యాలను పట్టుకుని ఆ అమ్మాయి అదే సాయంత్రం విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో ఉన్న అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం చిరునామాకు మెయిల్ రాసింది. వచ్చిన మెయిల్‌కే రిప్లై కొట్టకుండా, వెబ్‌సైట్ నుంచి చిరునామా తీసుకుని రాయమన్నాం. అప్పుడు మెయిల్ అసలుదో కాదో కూడా తేలిపోతుంది. అందులో తన దరఖాస్తు నెంబరు వేసి మూడే ప్రశ్నలు అడిగింది. నా ఆఫర్‌లో ఇంకా తీరని షరతులు ఏవి? డిపాజిట్ గడువు జూన్ 7 కదా, ట్రాన్‌స్క్రిప్టు ఆలస్యమైతే ఏం చేయాలి? విద్యారుణం మంజూరు లేఖను డబ్బు ఆధారంగా తీసుకుంటారా?

రెండు రోజుల్లో జవాబు వచ్చింది. గడువు జూన్ 7 అని ఖాయం చేశారు. ఫలితాలు వచ్చే దాకా ప్రొవిజనల్ సర్టిఫికెట్‌కు సమయం ఇస్తామన్నారు. రుణం మంజూరు లేఖ చాలన్నారు. వాళ్లు డిపాజిట్ మాత్రం గడువులోగా కట్టి, ట్రాన్‌స్క్రిప్టుకు దరఖాస్తు పెట్టారు. బ్యాంకులో రుణానికి అడిగారు గానీ, అన్‌కండిషనల్ లేఖ చేతికొచ్చాకే తోట తాకట్టు సంతకం చేస్తామని చెప్పారు. బ్యాంకు మేనేజరు గారు కూడా అదే మంచిదన్నారట. "ఫోనులో చదివితే సగమే కనబడింది బాబూ, కాగితం మీద చదివితే అంతా కనబడింది" అన్నారు ఆ తండ్రి ఫోన్ చేసినప్పుడు.

ఒక్క చూపులో

- మెయిల్‌ను ప్రింటు తీయండి. షరతు ఉన్న చోట గీత, కట్టాల్సిన డబ్బు చుట్టూ గుండ్రం, ప్రతి తేదీ పక్కన నెల పేరు తెలుగులో రాయండి.
- "చూపండి" వేరు, "కట్టండి" వేరు. కట్టేదైతే తిరిగి ఇస్తారో లేదో ఏ వాక్యంలో ఉందో చూడండి.
- డబ్బు విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో చెప్పిన మార్గంలోనే కట్టండి. వ్యక్తుల ఖాతాలకు, ఫోన్ పే నెంబర్లకు ఫీజు కట్టకండి.
- పాస్‌పోర్టు, I-20, DS-160 – మూడింట్లో పేరు ఒకేలా ఉండాలి.
- పథకం దరఖాస్తుకు ఏ రకం ఆఫర్ లేఖ కావాలో మీ గ్రామ, వార్డు సచివాలయంలో లేదా జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో ముందే అడగండి. లేఖ ప్రింటు వెంట తీసుకెళ్లండి.
- మోసపోయి డబ్బు పంపేస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, cybercrime.gov.inలో ఫిర్యాదు పెట్టండి. మీ బ్యాంకుకు కూడా వెంటనే చెప్పండి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఈ పీడీఎఫ్‌ను మీ ఊరి గ్రూపులో, కాలేజీ గ్రూపులో పంపండి. ఇంట్లో పిల్లలకు మెయిల్ వచ్చి ఉంటే, ఈ కాగితం పక్కన పెట్టుకుని పెద్దవాళ్లు, పిల్లలు కలిసి ఒక్కసారి చదవండి.